తెలుగు బాగుంది, ఫైల్ మాత్రం తిరిగొచ్చింది: సబ్‌టైటిల్ టెస్ట్‌లో ఎక్కడ తప్పుతోంది?

"మేడమ్, నేను బీకాం ఫైనలియర్. ఒక సబ్‌టైటిల్ ఏజెన్సీకి అప్లై చేస్తే ఎనిమిది నిమిషాల ఇంటర్వ్యూ వీడియో, టైమ్ కోడ్‌లున్న ట్రాన్స్‌క్రిప్ట్ ఇచ్చి ఎస్‌ఆర్‌టీ ఫైల్ చేయమన్నారు. చేసి పంపాను. తెలుగులో తప్పుల్లేవు గానీ లైన్ లెంత్, నంబరింగ్, టైమింగ్ బాగాలేదని తిప్పి పంపారు. ఐదు రోజుల్లో మళ్లీ పంపొచ్చన్నారు. ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉన్న టైమే కదా వేశాను, తప్పెక్కడ? ఈ పని నేర్చుకోవడం దండగా?"
– ఒక విద్యార్థిని, నరసరావుపేట

మీరు జత చేసిన ఫైల్, వాళ్లిచ్చిన సూచనల కాగితం రెండూ చూశాను. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను కొన్నేళ్లు హైదరాబాద్‌లో సబ్‌టైటిళ్ల చెకింగ్ చేశాను కాబట్టి మీ ఫైల్ తెరవగానే పాత రోజులు గుర్తొచ్చాయి. కొత్తగా వచ్చినవాళ్లలో పదిమందికి ఎనిమిది మంది ఇదే తప్పు చేసేవాళ్లు. నేనూ చేశాను. ఎస్‌ఆర్‌టీ ఫైల్‌లో ఒకసారి తెరమీదకొచ్చే మాటలు, వాటి నంబరు, టైము కలిపితే ఒక బ్లాక్. మీ మొదటి బ్లాక్ ఇది:

```
1
00:01:12,18 --> 00:01:19,05
పోయినేడు మిరప వేశాం, తెగులొచ్చి సగం పోయింది, మిగిలింది యార్డుకు తీసుకెళ్తే రేటు లేదు.
```

ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఆ మాట పక్కన `00:01:12:18` అని ఉంది. అందులో చివరి 18 సెకనులో భాగం కాదు, ఫ్రేమ్ నంబర్. మీ వీడియో సెకనుకు 25 ఫ్రేములది. అంటే 12వ సెకను దాటాక 18 ఫ్రేములు గడిచాక వీడియోలోని రైతు నోరు విప్పాడని అర్థం. ఎస్‌ఆర్‌టీకి ఫ్రేములు తెలియవు. అది కామా తర్వాత సెకనులో వెయ్యో వంతుల్ని, అంటే మిల్లీసెకన్లని, మూడంకెల్లో అడుగుతుంది. 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. 18ని 40తో గుణిస్తే 720. కాబట్టి అక్కడ రావాల్సింది `00:01:12,720`.

మీరు 18ని అలాగే దించేశారు. చాలా ప్లేయర్లు దాన్ని 18 మిల్లీసెకన్లుగా చదువుతాయి. దాంతో ఆయన మాట్లాడటానికి దాదాపు ముప్పావు సెకను ముందే సబ్‌టైటిల్ వచ్చేస్తుంది. అదే ఫ్రేమ్ నంబర్ 02 ఉన్నచోట తేడా 78 మిల్లీసెకన్లే, కంటికి దొరకదు. 24 ఉన్నచోట దాదాపు సెకను. అందుకే మీ ఫైల్ కొన్నిచోట్ల చక్కగా, కొన్నిచోట్ల తొందరపడుతున్నట్టు ఉంది. మీకు అది "ఓ మోస్తరుగా సరిపోయింది" అనిపించి ఉంటుంది.

సింక్ తప్పిన తీరు చూస్తే కారణం దాదాపు చెప్పేయొచ్చు. మీ ఫైల్‌లోలాగా తేడా బ్లాక్ బ్లాక్‌కీ మారుతూ, ఎప్పుడూ సెకను లోపే ఉంటే ఫ్రేములు మార్చకుండా దించారన్నమాట. మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఒకే తేడా ఉంటే వీడియో, ట్రాన్స్‌క్రిప్ట్ వేర్వేరు చోట్ల మొదలయ్యాయి. టీవీ మాస్టర్లలో టైమ్ కోడ్ సున్నా నుంచి కాకుండా `01:00:00:00` నుంచి మొదలవడం మామూలే, అప్పుడు ప్రతి టైములోంచీ ఆ గంట తీసేయాలి. మొదట్లో అతికినట్టుండి పోనుపోను తేడా పెరిగితే ఫ్రేమ్ రేటు తప్పు. 25కి చేసిన ఫైల్‌ని 23.976 వీడియోకి తగిలిస్తే గంటకు రెండున్నర నిమిషాల తేడా వస్తుంది. మీ ఎనిమిది నిమిషాల వీడియోలో కూడా చివరికి 20 సెకన్లు పోతుంది. అందుకే చెకింగ్‌లో మేం మొదటి డైలాగు చూసి, వెంటనే ఆఖరి డైలాగుకి దూకేవాళ్లం. ఆ రెండూ కుదిరితే మధ్యలో చూసేది వేరే సంగతులు.

ఇక లైన్ లెంత్. మీ కాగితంలో రాసింది: లైనుకు 42 అక్షరాలు, బ్లాక్‌కి రెండు లైన్లు, చదివే వేగం సెకనుకు 17 అక్షరాల లోపు, కనీసం 20 ఫ్రేములు నిలవాలి, 7 సెకన్లు మించకూడదు, బ్లాక్‌కీ బ్లాక్‌కీ మధ్య 2 ఫ్రేములు. ఈ అంకెలు అందరికీ ఒకేలా ఉండవు, ఎవరి కాగితం వాళ్లదే.

తెలుగులో చిక్కు ఆ "అక్షరాలు" అన్న మాటతోనే వస్తుంది. "తీసుకెళ్తే" అని రాస్తే మన కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో పది, ఎందుకంటే గుణింతం గుర్తు, పొల్లు, కింద వేసే ఒత్తు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" ఒక్క అక్షరమే, లెక్కకు ఆరు. మీరు వేళ్లమీద లెక్కపెట్టుకుని 42 దాటలేదనుకున్నచోట వాళ్ల చెకర్ ఎర్రగీత గీసింది. మీరు వాడే సాఫ్ట్‌వేర్‌లో ఖాళీ బ్లాక్ తెరిచి "స్త్రీ" అని టైప్ చేసి కౌంటర్ ఎంత చూపిస్తుందో చూడండి. ఆరు చూపిస్తే అది యూనికోడ్ లెక్క. ఏజెన్సీ లెక్క కూడా అదేనా అని ఒక మెయిల్ పెట్టి కనుక్కోవడం నామోషీ ఏమీ కాదు. నేను కింద వేసిన లెక్క యూనికోడ్‌దే.

మీ మొదటి బ్లాక్‌లో మొత్తం 85 అక్షరాలు, అన్నీ ఒకే లైనులో. రెండు లైన్లు చేసినా పట్టవు: రెండో కామా దగ్గర విరిస్తే పై లైను 44, మొదటి కామా దగ్గర విరిస్తే కింది లైను 64. కాబట్టి ఇది రెండు బ్లాకులు కావాల్సిందే. ఎక్కడ చీల్చాలో రైతు మాటే చెబుతోంది. "సగం పోయింది" దగ్గర ఒక సంగతి అయిపోయింది, "మిగిలింది" దగ్గర ఇంకోటి మొదలైంది.

కానీ ఆ "మిగిలింది" ఎన్నో సెకనులో మొదలైందో ట్రాన్స్‌క్రిప్ట్‌లో లేదు. అందులో ఒక్కో మనిషి మాట్లాడటం మొదలుపెట్టిన టైమే ఉంది, ముగిసింది లేదు. అందుకే మీరు తర్వాతి మాట మొదలయ్యే టైమునే ముందరిదానికి ముగింపుగా వేసుకుంటూ పోయారు. ఈ టెస్ట్ పెట్టింది ఇక్కడ ఏం చేస్తారో చూడటానికే. వీడియో వినకుండా ఈ పని అవదు. సబ్‌టైటిల్ ఎడిట్, ఏజిసబ్ అనే సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే, రెంటిలోనూ ధ్వని గీత కనిపిస్తుంది. ఆ గీతలో మాట ఆగిన చోటు చూసి, చెవితో సరిచూసుకోవాలి. మీ వీడియోలో నాకు వినిపించింది నిమిషం, సెకను, ఫ్రేముల లెక్కలో ఇదీ: "పోయింది" 1:15:20కి ఆగింది, "మిగిలింది" 1:16:02కి ఎత్తుకున్నాడు, "లేదు" 1:18:15కి అయిపోయింది.

మిల్లీసెకన్లలోకి మారిస్తే మొదటి బ్లాక్ 72.720 నుంచి 75.800 దాకా, రెండోది 76.080 నుంచి. మధ్యలో ఏడు ఫ్రేముల ఖాళీ. ఇంత చిన్న ఖాళీ వదిలితే తెరమీద అక్షరాలు ఆరి వెలిగినట్టు కంట్లో గుచ్చుకుంటుంది. అందుకని మొదటి బ్లాక్‌ని సాగదీసి రెండే ఫ్రేములు వదలాలి, అంటే 76.000 దాకా. రెండో బ్లాక్ తర్వాత 15 ఫ్రేముల విరామం ఉంది, అది నిజంగా ఆగినట్టే కనిపిస్తుంది కాబట్టి ముట్టుకోనక్కర్లేదు.

తర్వాత యాంకర్ అడిగిన "మరి ఈ ఏడు?" ఉంది. ఆ ప్రశ్న 1:19:22కే అయిపోయింది, అంటే 17 ఫ్రేములే. 20 కావాలి. రైతు జవాబు 1:20:10కి మొదలవుతుంది కాబట్టి దానికి రెండు ఫ్రేముల ముందు వరకూ సాగదీశాను. అన్నీ కలిపితే ఇలా వస్తుంది:

```
1
00:01:12,720 --> 00:01:16,000
పోయినేడు మిరప వేశాం,
తెగులొచ్చి సగం పోయింది,

2
00:01:16,080 --> 00:01:18,600
మిగిలింది యార్డుకు తీసుకెళ్తే రేటు లేదు.

3
00:01:19,200 --> 00:01:20,320
మరి ఈ ఏడు?

4
00:01:20,400 --> 00:01:22,800
ఈ ఏడు రెండెకరాల్లో మొక్కజొన్న వేశా.
```

రెండో బ్లాక్ 40 అక్షరాలు, నిలిచేది 2.52 సెకన్లు, అంటే సెకనుకు దాదాపు 16. హద్దు 17 కాబట్టి గట్టెక్కింది. ఇంకాస్త ఎక్కువైతే బ్లాక్‌ని తర్వాతి విరామంలోకి కొంచెం సాగదీయాలి. అక్కడా చోటు లేకపోతేనే మాట తగ్గించాలి, అదీ ఏజెన్సీ ఒప్పుకుంటేనే.

మొదటి బ్లాక్‌లో లైను విరుపు గమనించండి. "పోయినేడు మిరప వేశాం, తెగులొచ్చి" దాకా పైన పెట్టినా 42 దాటదు. కానీ "తెగులొచ్చి" అన్నది "పోయింది" కోసం ఎదురుచూసే మాట, దాన్ని పైన వేలాడదీస్తే చదివేవాడు మళ్లీ వెనక్కి వెళ్తాడు. అలాగే హద్దు 36 అయ్యుంటే రెండో బ్లాక్‌ని "తీసుకెళ్తే" తర్వాత విరిచేదాన్ని. "రేటు" పైన, "లేదు" కింద మాత్రం ఎప్పుడూ పెట్టను. సాఫ్ట్‌వేర్‌లో ఆటో బటన్ నొక్కితే అది పొడవు చూసి విరుస్తుంది, క్రియ ఎక్కడుందో దానికి పట్టదు.

నంబర్ల సంగతి సులువు. మీరు నోట్‌ప్యాడ్‌లో చేతితో వేశారు, మధ్యలో ఒక బ్లాక్ చీల్చినప్పుడు 31 రెండుసార్లు వచ్చింది. సబ్‌టైటిల్ ఎడిట్‌లో చీల్చితే నంబర్లు వాటంతట అవే సర్దుకుంటాయి. నోట్‌ప్యాడ్‌లోనే చేస్తానంటే నంబర్లు ఆఖర్న వేయండి. మీ 47వ బ్లాక్‌లో రెండు లైన్ల మధ్య ఖాళీ లైను పడింది. ఖాళీ లైను అంటే ఎస్‌ఆర్‌టీకి బ్లాక్ అయిపోయినట్టు, అందుకే ఆ రెండో లైను తెరమీదకి రాకుండా పోయే ప్రమాదముంది. సేవ్ చేసేటప్పుడు `UTF-8` ఎంచుకోండి, `ANSI`లో పెడితే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది.

ఇక దండగా అని అడిగారు. ఒట్టి ఫార్మాటింగ్ పనినే నమ్ముకుంటే దండగే అంటాను. చాలాచోట్ల వీడియో నిమిషానికి ఇంత అని కడతారు, మీరు కూర్చున్న గంటలకు కాదు. కాబట్టి ఈ ఎనిమిది నిమిషాలకు మీకు ఎంతసేపు పట్టిందో ఈసారి గడియారం పెట్టుకుని రాసుకోండి, వాళ్లు చెప్పే రేటు గిట్టుతుందో లేదో అప్పుడు తెలుస్తుంది. తెలుగు నుంచి ఇంగ్లిష్‌కి అనువాదం గానీ, ఇతరుల ఫైళ్లు చెక్ చేయడం గానీ చేతికొస్తే అప్పుడు దీన్ని ఉద్యోగం అనొచ్చు. ఆ రెంటికీ వెళ్లే దారి మాత్రం ఈ టెస్టే. బీకాం పరీక్షలు వదిలేసి దీని వెంట పడొద్దు. ఎనిమిది నిమిషాల టెస్ట్ ఉచితంగా చేయడం పర్వాలేదు, రేపు "ఇంకో టెస్ట్" అంటూ నలభై నిమిషాలది పంపితే డబ్బు సంగతి ముందే అడగండి.

రెండోసారి పంపేటప్పుడు మెయిల్‌లో రెండు ముక్కలు రాయండి: వీడియో 25 ఫ్రేములని తీసుకున్నానని, అక్షరాలు యూనికోడ్ ప్రకారం లెక్కించానని. వాళ్ల లెక్క వేరైతే ఫైల్ తిప్పి పంపకుండా మీకు చెబుతారు.