అమ్మిందెంత, బ్యాంకులో పడిందెంత?

ప్రశ్న: మాది నంద్యాలలో చిన్న ఫ్యాన్సీ స్టోర్ సర్. సోమవారం క్యూఆర్ మీద 16,250, స్వైపింగ్ మిషన్ మీద 8,100, మొత్తం 24,350 రూపాయల అమ్మకం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. మంగళవారం బ్యాంకులో పడింది మాత్రం 22,750.05. రోజుకు 1,600 చార్జీలకే పోతే మాకేం మిగులుతుంది? ఎక్సెల్‌లో దీన్ని ఎలా సరిచూసుకోవాలి?

జవాబు: మీరు పంపిన రిపోర్టులన్నీ చూశాను. ఇందులో కార్డు చార్జీ 101.95 మాత్రమే. మిగతా తేడా వేరే చోట్ల నుంచి వచ్చింది.

బిల్లింగ్ లెక్కను నేరుగా బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పోల్చడం దగ్గరే చిక్కు వస్తోంది. ఈ రెండింటి మధ్య సెటిల్‌మెంట్ రిపోర్టు ఒకటి ఉంటుంది. మీకు క్యూఆర్, మిషన్ ఇచ్చిన కంపెనీ మర్చంట్ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో అది దొరుకుతుంది. ఏ లావాదేవీ ఎంత, అందులో ఏం కోశారు, ఏ యూటీఆర్ నంబరుతో బ్యాంకుకు పంపారు అన్నది వరుసగా ఉంటుంది. బ్యాంకులో పడిన మొత్తం పక్కనా అదే యూటీఆర్ కనిపిస్తుంది. అందుకే తేదీని వదిలేసి యూటీఆర్‌ని పట్టుకోండి.

మంగళవారం యూటీఆర్ కింద ఉన్న లావాదేవీలు చూస్తే, మీ కంపెనీ రాత్రి 9 గంటలకు రోజు లెక్క ముగిస్తోంది. మీరు కొట్టు కట్టేసేది పది దాటాక. సోమవారం తొమ్మిది తర్వాత వచ్చిన 650, 420 బుధవారం జమలోకి వెళ్లాయి. ఆదివారం రాత్రి వచ్చిన 540 ఇందులో చేరింది. అంటే ఈ జమకు అసలు మొత్తం 23,820.

అందులోంచి 4,800 క్రెడిట్ కార్డు బిల్లుకు మీ ఒప్పందం ప్రకారం 1.8 శాతం ఎండీఆర్, అంటే కార్డు చెల్లింపుపై మీ దగ్గర తీసుకునే చార్జీ, 86.40, దానిపై 18 శాతం జీఎస్టీ 15.55 పోయాయి. మిషన్ మీద మిగతా 3,300 రూపే డెబిట్ కార్డులది, దానికి చార్జీ లేదు. బ్యాంకు ఖాతా నుంచి వచ్చే మామూలు యూపీఐకీ 2020 జనవరి నుంచి ఎండీఆర్ లేదు. అలాంటి వాటిపై ఎప్పుడైనా కోత కనిపిస్తే తప్పకుండా అడగండి.

ఇక పెద్ద తేడా 850. శనివారం ఒకరు సరుకు వాపసు ఇచ్చారు, మీరు డబ్బు తిప్పి పంపింది సోమవారం. సాఫ్ట్‌వేర్‌లో వాపసు శనివారం లెక్కలో ఉంది, కంపెనీ మాత్రం ఈ జమలోంచి మినహాయించుకుంది. చివరగా సౌండ్‌బాక్స్ నెల అద్దె, జీఎస్టీతో కలిపి 118. అన్నీ తీసేస్తే సరిగ్గా 22,750.05.

ఎక్సెల్‌లో సెటిల్‌మెంట్ రిపోర్టును Settle అనే షీట్‌లో పెట్టండి. B వరుసలో ఆర్ఆర్ఎన్, అంటే ఒక్కో లావాదేవీకి విడిగా ఉండే నంబరు, F లో చేతికొచ్చే మొత్తం, G లో యూటీఆర్ ఉండాలి. వాపసు, అద్దె మైనస్ గుర్తుతో ఉన్నాయో లేదో చూసుకోండి. ఇంకో షీట్‌లో బ్యాంకు జమలు రాసి, వివరాల్లోంచి యూటీఆర్‌ని B2 లో అతికించి ఈ ఫార్ములా ఇవ్వండి:

```
=SUMIFS(Settle!F:F,Settle!G:G,B2)
```

వచ్చిన సంఖ్య బ్యాంకు జమతో పైసాతో సహా సరిపోవాలి. తర్వాత క్యూఆర్, మిషన్ లావాదేవీల జాబితాను మూడో షీట్‌లో, ఆర్ఆర్ఎన్‌ను A2 నుంచి పెట్టి:

```
=COUNTIF(Settle!B:B,A2)
```

దీనికి 0 వస్తే ఆ లావాదేవీ ఇంకా సెటిల్ కాలేదన్నమాట. మర్నాటి రిపోర్టు కూడా కలిపి చూడండి. అప్పటికీ రాకపోతే ఆ ఆర్ఆర్ఎన్ చెప్పి కంపెనీని అడగండి.

ఒక్క జాగ్రత్త. ఆర్ఆర్ఎన్ 12 అంకెలది. సీఎస్‌వీ ఫైలుపై డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్ దాన్ని 5.12E+11 లాగా చూపిస్తుంది. అలాగే సేవ్ చేశారంటే అసలు అంకెలు పోతాయి, మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవడమే. అందుకని Data > From Text/CSV ద్వారా తెరిచి, ఆ వరుసను Text అని ఎంచుకోండి.

మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆర్ఆర్ఎన్ ఉండదు కాబట్టి బిల్లులను సమయం, మొత్తం చూసి లావాదేవీల జాబితాతో కలపాలి. బిల్లు ఉండి జాబితాలో లేనిదే అసలు అనుమానించాల్సింది. కుర్రాడు స్క్రీన్‌షాట్ చూసి సరుకు ఇచ్చేసి ఉండొచ్చు, లేదా కొనుక్కున్నాయన మీ సొంత నంబరుకు కొట్టి ఉండొచ్చు. అలాంటి డబ్బు కంపెనీ దగ్గరికే చేరలేదు కాబట్టి వాళ్లకు ఫోన్ చేసి లాభం లేదు, ముందు మీ సొంత ఖాతా చూడండి.

పుస్తకాల్లో సోమవారం అమ్మకం 24,350గానే రాయండి. 22,750 అని రాస్తే జీఎస్టీ రిటర్న్‌లో అమ్మకం తగ్గిపోతుంది. ఎండీఆర్, అద్దె ఖర్చుల కిందికి వస్తాయి. రాత్రి అమ్మిన 1,070 బుధవారం జమ పడేదాకా కంపెనీ నుంచి రావాల్సిన బాకీగా ఉంటుంది.