చివరి స్లైడ్‌లో మూలాలు పెట్టినా సార్ "ఈ అంకె ఎక్కడిది?" అన్నారు

"నెల్లూరు జిల్లా జనాభా మీద ప్రజెంటేషన్ ఇచ్చాను. చివరి స్లైడ్‌లో లింకులన్నీ పెట్టాను. అయినా సార్ మధ్యలో ఆపి ఎక్కడిదని అడిగారు. తప్పెక్కడ?"

లింకులు చివర ఉండటమే తప్పు. అంకె విన్నప్పుడు మూలం కనబడలేదు, మూలం కనబడేసరికి ఏ లింకు ఏ అంకెదో ఎవరికీ తెలియదు.

1. ఏ స్లైడ్‌లో అంకె ఉంటే ఆ స్లైడ్ కిందే మూలం రాయండి. చివరి బెంచీకి కనబడేలా 16 పాయింట్లకు తగ్గకుండా:

మూలం: భారత జనగణన 2011, censusindia.gov.in

2. చాలామంది వదిలేసేది నోటితో చెప్పడం. అంకెకు ముందే ఎవరు, ఏ సంవత్సరం అన్నవి చెప్పాలి. "2011 జనగణన ప్రకారం నెల్లూరు జిల్లా జనాభా 29,63,557" అంటే చాలు. లింకు చదవొద్దు, విని ఎవరూ రాసుకోలేరు. "గూగుల్‌లో చూశాను" అనొద్దు, గూగుల్ దారి చూపిందంతే.

సంవత్సరం ఎందుకంటే, 2022 ఏప్రిల్‌లో జిల్లాల హద్దులు మారాయి. సూళ్లూరుపేట వైపు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. మీ అంకె పాత హద్దులది. ఆ ఒక్క మాట కలపకపోతే మళ్లీ ఆపుతారు. మా ఒంగోలు క్లాసులో నన్నూ ఇలాగే ఆపారు లెండి, అది ప్రకాశం జిల్లా అంకె.

3. అంకె వికీపీడియాలో చూసి ఉంటే, అక్కడి ఫుట్‌నోట్ తెరిచి అసలు పట్టికతో సరిచూశాకే జనగణన పేరు రాయండి. అసలుది దొరక్కపోతే "వికీపీడియాలో ఉదహరించిన జనగణన 2011" అనండి.

ఫోటోలకు తీసినవారి పేరు ఫోటో కిందే.