కట్టేసిన బండి లోను సిబిల్‌లో బాకీగా ఉంటే డిస్ప్యూట్ ఒక్కటీ చాలదు

ప్రశ్న: మాది సింగరాయకొండ. బండి లోను మొత్తం కట్టేసి ఎన్‌ఓసీ కూడా తీసుకున్నా. ఇప్పుడు ఇంటి లోనుకి వెళ్తే సిబిల్‌లో ఇంకా బాకీ అని చూపిస్తోందంట. డిస్ప్యూట్ పెడితే ఎన్ని రోజుల్లో సరవుతుంది? నెలాఖరులోగా అవుతుందా?

జవాబు:

రూల్ ప్రకారం 30 రోజులు. నాకు పట్టింది 77 రోజులు. అందులో సగం నా తెలివితక్కువ వల్ల పోయింది కాబట్టి, మీకు ఆ సగమైనా మిగలాలని కాస్త వివరంగా రాస్తున్నా.

మాది కావలి. 2025 జూన్ 9న ఇంటి లోను కోసం బ్యాంకుకి వెళ్తే మేనేజర్ గారు కంప్యూటర్ నా వైపు తిప్పి, "మీ బండి లోను 590 రూపాయలు ఓవర్‌డ్యూ ఉంది సార్, 452 రోజుల నుంచి" అన్నాడు. ఆఖరి ఈఎంఐ 2024 ఫిబ్రవరి 5న కట్టేశా, ఎన్‌ఓసీ వచ్చింది, ఆర్‌సీ మీద ఫైనాన్స్ కూడా తీయించేశా. ఇంక ఈ 590 ఏందబ్బా అని రాత్రంతా నిద్రలేదు.

ఆ అంకె చూస్తే మీకూ గుర్తొస్తుంది. 500కి 18 శాతం జీఎస్టీ కలిపితే 590, అంటే బౌన్స్ చార్జీ. 2023 నవంబర్‌లో మా ఖాతాలో డబ్బు ఒకరోజు ఆలస్యంగా పడి ఈఎంఐ బౌన్స్ అయింది. తర్వాత వసూలుకొచ్చిన కుర్రాడికి ఈఎంఐతో పాటు ఆ 590 కూడా చేతికే ఇచ్చి రసీదు తీసుకున్నా. ఈఎంఐ ఖాతాలో జమ అయింది, 590 మాత్రం ఎక్కడో ఆగిపోయింది. ఎన్‌ఓసీ ఇచ్చేవాళ్లు అసలూ వడ్డీ చూసి ఇచ్చేశారు, చార్జీల లెక్క పక్కన అలాగే తెరిచి ఉండిపోయింది. కాబట్టి ముందు మీ రిపోర్టులో ఓవర్‌డ్యూ ఎంతుందో చూడండి. ఈఎంఐ అంత మొత్తమైతే ఒక కథ, ఇలా చిన్న బేసి అంకె అయితే దాదాపు చార్జీయే.

ఇంకొకటి కూడా చూడండి. ఆ లోను కింద నెలనెలా ఒక గడి ఉంటుంది, అందులో ఎన్ని రోజులు ఆలస్యమో రాస్తారు, దాన్నే డీపీడీ అంటారు. నాదాంట్లో 2024 మార్చిలో 26, ఏప్రిల్‌లో 56, మేలో 87, అలా నెలకి ముప్పై చొప్పున ఎక్కుతూ 2025 మేకి 452కి వచ్చింది. మనిషి నిజంగా నెలా నెలా ఎగ్గొట్టినా ఇలాగే కనపడుతుంది, 590 మర్చిపోయినా ఇలాగే కనపడుతుంది. స్కోరు లెక్కేసే మిషన్‌కి ఆ తేడా తెలీదు కదా. నా స్కోరు అప్పుడు 611.

సరే, జూన్ 10న సిబిల్ సైట్లో లాగిన్ అయి ఆ లోను మీద డిస్ప్యూట్ పెట్టా, ఓవర్‌డ్యూ తప్పు అని టిక్ పెట్టి వదిలేశా. ఇక్కడే నేను చేసిన తప్పు. సిబిల్ గానీ మిగతా మూడు క్రెడిట్ కంపెనీలు గానీ (ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్) సొంతంగా ఏదీ మార్చవు. మన ఫిర్యాదుని లోను ఇచ్చిన కంపెనీకి పంపి "ఇది కరెక్టేనా" అని అడుగుతాయి, అంతే. అక్కడ కూర్చున్నాయన తన సిస్టంలో చూస్తాడు, 590 బాకీ కనపడుతుంది, కరెక్టే అని తిప్పి పంపుతాడు. జూన్ 28న నాకొచ్చిన జవాబు అదే, మార్పు లేదు అని. పద్దెనిమిది రోజులు ఊరికే పోయాయి. వాళ్ల పుస్తకంలో తప్పు దిద్దించకుండా సిబిల్‌లో దిద్దమనడం అద్దంలో బొట్టు సరిచేసినట్టే.

ఈ మధ్యలో కంపెనీ కాల్ సెంటర్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, పెనాల్టీతో కలిపి 2,340 కట్టేయండి సార్, మూడు రోజుల్లో క్లోజ్ చేస్తాం అంది. నిజం చెప్తున్నా, కట్టేద్దామనే అనుకున్నా, 2,340 కోసం ఇంటి లోను ఆపుకుంటామా అని. మా బావమరిది నెల్లూరులో ఆడిటర్ దగ్గర పని చేస్తాడు, వాడు ఆపాడు. "బావా, కట్టావంటే బాకీ ఉన్నట్టు నువ్వే ఒప్పుకున్నట్టు. లోను ముగిసిన తేదీ ఇవాళ్టిది పడుతుంది, ఆ 26 నుంచి 452 దాకా గడులన్నీ నిజమైపోతాయి. ఇంకా ఖర్మ కాలితే Settled అని రాస్తారు" అన్నాడు. Settled అంటే వినడానికి బాగుంటుంది గానీ, మొత్తం కట్టకుండా బేరమాడుకుని వదిలించుకున్నాడని దానర్థం, బ్యాంకోళ్లు అది చూస్తే ఫైలు పక్కన పెట్టేస్తారు. మనకు కావలసింది Closed, అదీ పాత తేదీతో. నిజంగా చార్జీ కట్టకపోయి ఉంటే మాత్రం ఇది వర్తించదు, అప్పుడు కట్టి పూర్తి బాకీ తీరినట్టు రాయించుకోవడమే దారి.

రసీదు కోసం ఇల్లంతా వెతికాం. చివరికి బండి ఇన్సూరెన్స్ కాగితం ఉన్న ప్లాస్టిక్ కవర్లో మడతలు పడి దొరికింది. అక్షరాలు సగం చెరిగిపోయాయి గానీ రసీదు నంబరు, 590, తేదీ మాత్రం కనపడుతున్నాయి. జూలై 1న కంపెనీ సైట్లో గ్రీవెన్స్ ఆఫీసర్ అని ఉన్న మెయిల్‌కి రాశా. కస్టమర్ కేర్‌కి కాదు, అక్కడ టికెట్ నంబరు తప్ప ఏమీ రాదు. మెయిల్‌లో లోను నంబరు, ఎన్‌ఓసీ, రసీదు ఫోటో, ఆర్‌సీ కాపీ జత చేసి మూడే అడిగా: నా లోను స్టేట్‌మెంట్ మొత్తం పంపండి, ఈ రసీదు ఎక్కడ జమ చేశారో చెప్పండి, లోను 2024 ఫిబ్రవరి 5న ముగిసినట్టు అన్ని క్రెడిట్ కంపెనీలకీ తెలపండి. ఒప్పుకోకపోతే కారణం రాసివ్వండి అని కూడా చేర్చా. దిద్దుబాటు తిరస్కరిస్తే కారణం చెప్పాలని ఆర్‌బీఐ 2023 అక్టోబర్‌లోనే చెప్పింది.

స్టేట్‌మెంట్ 4న వచ్చింది. అందులో చార్జీ 590 పడినట్టుంది, జమ అయినట్టు లైను లేదు. రసీదు పక్కన పెట్టి చూస్తే ఇక వాదించడానికేముంది. 14న లెటర్ వచ్చింది, పొరపాటు మాదే, సరిచేస్తున్నాం అని. ఆ లెటర్ జత చేసి 15న మళ్లీ డిస్ప్యూట్ పెట్టా, ఈసారి నాలుగు కంపెనీల్లోనూ. ఎందుకంటే మీ బ్యాంకు ఏ రిపోర్టు తీస్తుందో మనకు తెలీదు. పూర్తి రిపోర్టు ఒక్కో కంపెనీ ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇవ్వాలి, డబ్బు కట్టి ప్లాన్ తీసుకోనక్కర్లేదు.

ఆగస్టు 2న సిబిల్‌లో మారింది. ఓవర్‌డ్యూ సున్నా, Closed. ఇంట్లో వాళ్లకి స్వీట్ కూడా తెచ్చా. రాత్రి తీరిగ్గా చూస్తే Date Closed దగ్గర 2025 జూలై ఉంది, 452తో సహా గడులన్నీ అలాగే ఉన్నాయి! బాకీ కొట్టేశారు, మచ్చ మాత్రం ఉంచారు. చాలామంది Closed చూసి ఇక్కడే ఆగిపోతారు, తర్వాత స్కోరు ఎందుకు పెరగట్లేదని తల పట్టుకుంటారు. మళ్లీ కంపెనీకి రాశా, ఈసారి ఒకే మాట: 2024 మార్చి నుంచి ఉన్న డీపీడీ గడులు తప్పు, ముగింపు తేదీ ఫిబ్రవరి 5 అని మీ లెటర్లోనే ఉంది, పాత హిస్టరీ దిద్ది పంపండి అని. ఆగస్టు 26కి అదీ అయింది. స్కోరు 611 నుంచి 742కి వచ్చింది. అందరికీ అంతే పెరుగుతుందని చెప్పను, నాకు వేరే లోన్లేవీ పాడవలేదు కాబట్టి పెరిగింది.

ఇక రోజుల లెక్క. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో తేల్చాలి. అందులో లోను ఇచ్చినవాళ్లకి 21 రోజులు, మిగిలినవి క్రెడిట్ కంపెనీకి. దాటితే రోజుకి 100 రూపాయలు మనకి పరిహారం, ఎవరి వల్ల ఆలస్యమైతే వాళ్లే ఇవ్వాలి, 2024 ఏప్రిల్ 26 నుంచి ఈ రూల్ ఉంది. ఉదాహరణకి 45 రోజులు పడితే 15 రోజులకి 1,500. కాకపోతే ఇందులో ఒక మెలిక ఉంది. "మార్పు లేదు" అని 18వ రోజున చెప్పేసినా అది తేల్చినట్టే లెక్క. నాకు 77 రోజులు పట్టినా పైసా రాలేదు, ఎందుకంటే ప్రతి ఫిర్యాదూ విడివిడిగా 30 రోజుల లోపలే ముగిసింది. అందుకే మొదటి ఫిర్యాదే కాగితాలతో బలంగా పెట్టాలంటున్నా.

30 రోజులు దాటినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో ఉచితంగా పెట్టొచ్చు. ముందు కంపెనీకి రాసిన మెయిల్ మాత్రం చేతిలో ఉండాలి, అది లేకుండా తీసుకోరు. నాకు అంతదాకా అవసరం పడలేదు. ఒంగోల్లో 5,000కి సిబిల్ క్లీన్ చేస్తామని బోర్డు పెట్టినవాళ్లని మాత్రం నమ్మొద్దు, వాళ్లు పెట్టేదీ ఇదే డిస్ప్యూట్, పైగా మీ ఓటీపీలు అడుగుతారు.

మీ నెలాఖరు సంగతికొస్తే, రిపోర్టు అప్పటికి పూర్తిగా మారుతుందని ఆశ పెట్టుకోకండి. కంపెనీ నుంచి "తప్పు మాదే" అనే లెటర్ మాత్రం రెండు వారాల్లో రావచ్చు, అది తెచ్చి మీ బ్యాంకు మేనేజర్‌కి ఇవ్వండి. మా మేనేజర్ లెటర్ చూసి ఫైలు వెనక్కి పంపకుండా పక్కన ఉంచాడు, విలువ కట్టించడం, లీగల్ చూపించడం ఆ మధ్యలోనే చేయించాడు, రిపోర్టు మారిన వారానికి శాంక్షన్ అయింది. ఈలోపు కంగారుపడి ఇంకో రెండు బ్యాంకుల్లో అప్లై చేయకండి, ప్రతి అప్లికేషనూ ఎంక్వైరీగా రిపోర్టులో పడుతుంది, అదొక కొత్త తలనొప్పి.

ఓవర్‌డ్యూ ఎంతుందో, బాకీ ఏ నెల గడి నుంచి మొదలైందో చూసి కింద రాయండి, లోను నంబరు మాత్రం పెట్టొద్దు. ఎన్‌ఓసీ మీద తేదీ ఏముందో కూడా చెప్పండి.