మధ్య రంగు తగ్గిందా, కింది రంగు జారిందా?

ప్రశ్న: మా ఆఫీసు రిపోర్టులో రంగులు ఒకదాని మీద ఒకటి పేర్చిన స్టాక్డ్ ఏరియా చార్ట్ వస్తుంది. మధ్యలో ఉన్న రంగు పెరుగుతోందో తగ్గుతోందో ఎంత చూసినా తేలడం లేదు. ఎలా చూడాలి?

జవాబు: ఆ రంగు పై అంచు ఎక్కడుందో పట్టించుకోకండి. కింది అంచు నుంచి పై అంచు వరకు నిలువుగా ఎంత మందం ఉందో చూడండి, ఆ పొర విలువ అదే. సున్నా గీత మీద కూర్చునేది అట్టడుగు రంగు ఒక్కటే. కాబట్టి ఈ చార్టులో సూటిగా చదవగలిగేవి రెండే: అడుగు పొర, అన్నిటికన్నా పై అంచు చూపించే మొత్తం. మధ్యవి కింద ఉన్నవాటితో పాటే లేస్తాయి, దిగుతాయి.

వైజాగ్ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక చేపల వ్యాపారికి నేను లెక్కలు చూస్తాను. మా నెలవారీ చార్టులో అడుగున సముద్రం సరుకు, మధ్యలో చెరువు రొయ్యలు, పైన ఎండు చేపలు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలకి వేట నిషేధం కదా, అడుగు పొర అక్కడ ఒక్కసారిగా కూలిపోతుంది. తేలిగ్గా ఉండటానికి గుండ్రటి అంకెలు చెప్తాను. మార్చిలో సముద్రం సరుకు 20 టన్నులు, రొయ్యలు 6 అనుకోండి. మేలో సముద్రం సరుకు 2కి పడింది, రొయ్యలు 7 అయ్యాయి. రొయ్యల పై అంచు మాత్రం 26 నుంచి 9కి దిగుతుంది! అది చూసి మా ఓనరు గారు "రొయ్యలు కూడా ఇంత పడిపోయాయేంటి?" అన్నారు. నిజానికి ఒక టన్ను పెరిగాయి.

ఇంకో చిక్కు ఏటవాలు దగ్గర వస్తుంది. మన కన్ను నిలువుగా కొలవదు, రెండు అంచుల మధ్య దగ్గరి దారి చూసుకుంటుంది. అందుకే ఏప్రిల్ దగ్గర రొయ్యల పట్టీ సన్నబడినట్టు కనిపిస్తుంది. అనుమానముంటే కాగితం అంచుని నిలువుగా పెట్టి, మార్చి దగ్గర మందానికి పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, ఏప్రిల్ దగ్గరికి జరిపి చూడండి. ఓనరు గారు నమ్మింది దీనితోనే, నా మాటతో కాదు.

చార్టు మీ చేతిలో ఉంటే, పెద్దగా ఊగని రంగుని అడుగుకి దించండి. ఎక్సెల్‌లో మొదటి సిరీస్ అడుగున వస్తుంది, `Select Data`లో బాణాలతో వరస మార్చొచ్చు. కానీ దీనితో బాగుపడేది ప్రధానంగా ఆ అడుగు రంగే. పైవాటికి ఊగే నేల తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. రంగుల్ని ఒకదానితో ఒకటి పోల్చాలంటే `Change Chart Type`లో `Line` ఎంచుకోవడమే మేలు. పక్కనే ఉండే `Stacked Line` మాత్రం వద్దు, అందులోనూ గీతలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. పైగా రంగు నింపరు కాబట్టి, పేర్చారన్న సంగతే చూసేవాళ్ళకి తెలియదు.