క్యాచ్ వదిలేస్తే ఎంత మాటైనా అనొచ్చా?

ప్రశ్న: మా మండల టోర్నీ ఫైనల్లో క్యాచ్ వదిలేశాను. యూట్యూబ్ లైవ్‌లో కామెంటేటర్ ముందు "చేతులకు వెన్న రాసుకొచ్చాడు" అన్నాడు. కాసేపటికి "అవతలి టీమ్ దగ్గర డబ్బులు తీసుకునే వదిలేశాడు" అన్నాడు. కింద కామెంట్లలో ఒకడు నా కులం పేరు పెట్టి తిట్టాడు. నేను ఎస్సీని. కేసు పెట్టొచ్చా సార్?

జవాబు: వెన్న మాట మీద కేసు నిలవదు. మీకు బాధ కలిగిందని నాకు తెలుసు, కానీ పదిమంది ముందు ఆడిన ఆట బాగుందో లేదో చెప్పే హక్కు చూసేవాళ్లకు ఉంది. పరువునష్టం గురించి చెప్పే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356లోనే ఈ మినహాయింపు ఉంది. 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్ టెస్టులో పంత్ ఔటైన షాట్‌ను గావస్కర్ లైవ్‌లోనే "స్టుపిడ్" అన్నారు. మాట కటువే, కానీ అన్నది షాట్‌ను.

చట్టం ఇక్కడ ఒక చక్కని ఉదాహరణ ఇస్తుంది. పుస్తకం చదివి, అందులో కనిపించినంత మేరకు రచయిత గుణం గురించి సద్బుద్ధితో అభిప్రాయం చెప్పొచ్చు. "వాడు చెడ్డవాడు కాబట్టే పుస్తకం ఇలా ఉంది" అంటే మాత్రం మినహాయింపు పోతుంది, ఎందుకంటే ఆ నింద పుస్తకంలోంచి రాలేదు. మీ విషయంలో డబ్బుల మాట అలాంటిదే. బంతి జారడం అందరూ చూశారు, డబ్బు చేతులు మారడం ఎవరూ చూడలేదు. అది అభిప్రాయం కాదు, మీ నిజాయితీ మీద వేసిన నింద. దానికి ఆధారం చూపాల్సింది అతనే. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు పడొచ్చు. అయితే ఈ నేరంలో పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టరు. మీరే మేజిస్ట్రేట్ కోర్టులో ప్రైవేట్ కంప్లయింట్ వేయాలి.

కులం పేరుతో తిట్టినవాడి సంగతి వేరు. తిట్టినవాడు ఎస్సీ, ఎస్టీ కాకపోతే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(s) వర్తిస్తుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు శిక్ష, జరిమానా. తిట్టు జనానికి కనబడేలా ఉండాలన్నది షరతు. నాలుగ్గోడల మధ్య అన్న మాట దీని కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటర్నెట్‌లో పెట్టిన మాట జనానికి కనబడేదేనని 2022లో కేరళ హైకోర్టు అంది. 2021లో ఒలింపిక్ సెమీస్‌లో మన మహిళల హాకీ జట్టు ఓడాక, హరిద్వార్ దగ్గర వందన కటారియా ఇంటి ముందు కులం పేరుతో దూషించిన ఘటనలోనూ పోలీసులు ఈ చట్టం కిందే కేసు పెట్టారు. దీనికి నేరుగా పోలీస్ స్టేషన్‌కే వెళ్లండి. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి.

అన్నిటికంటే ముందు, ఈ రాత్రే వీడియో దాచుకోండి, రేపటికి డిలీట్ కావచ్చు. డబ్బుల మాట వచ్చిన నిమిషం, సెకను రాసిపెట్టుకోండి. కామెంట్ స్క్రీన్‌షాట్‌లో ఆ అకౌంట్ పేరు, తేదీ కనబడాలి, వీడియో లింక్ కూడా విడిగా రాసుకోండి. వీటిని ఏ ఫోన్‌లో ఎలా తీశారో చెప్పే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కోర్టులో జత చేయాలి కాబట్టి వీటిని దాచిన ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి. ఆ కామెంట్ కింద మీరుగానీ మీ ఫ్రెండ్స్‌గానీ తిరిగి తిట్టకండి. అవతలి లాయరు కోర్టులో మొదట చూపించేది దాన్నే.