గర్భసంచి పొర 16 మి.మీ. ఉంది.. ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 47. బరువు 84 కిలోలు, షుగర్ ఉంది. ఎనిమిది నెలలుగా నెలసరి గతి తప్పింది. ఒక్కోసారి రెండు నెలలు రాదు. వచ్చిందంటే పన్నెండు రోజులు గడ్డలు గడ్డలుగా పోతోంది. హిమోగ్లోబిన్ 8.4. స్కానింగ్‌లో గర్భసంచి లోపలి పొర 16 మి.మీ. ఉందన్నారు. నెట్‌లో చూస్తే 4 మి.మీ. దాటితే క్యాన్సర్ అనుమానించాలని ఉంది. ఇంట్లోవాళ్లు గర్భసంచి తీయించేసుకోమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీరు చదివిన 4 మి.మీ. లెక్క నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపించిన వారిది. మీకింకా నెలసరి వస్తోంది కాబట్టి అది మీకు వర్తించదు. నెలసరి వచ్చేవారిలో ఈ పొర రోజురోజుకూ మారుతుంది. రక్తస్రావం ఆగగానే 2 నుంచి 4 మి.మీ. ఉండేది, మళ్లీ నెలసరి వచ్చే ముందు 16 మి.మీ. దాకా పెరగడం మామూలే. అందుకే ఎంత మందం ఉందన్నది ఒక్కటే చెబితే చాలదు, స్కానింగ్ ఏ రోజున తీశారన్నదీ తెలియాలి. రక్తస్రావం ఆగిన ఒకటి రెండు రోజుల్లో, యోని ద్వారా చేసే స్కానింగ్ అయితే పొర స్పష్టంగా కనిపిస్తుంది. అప్పుడు కూడా మందంగానే ఉంటే దాన్ని పట్టించుకోవాలి.

ఈ వయసులో కొన్ని నెలలు అండం విడుదల కాదు. అండం విడుదలైతేనే ప్రొజెస్టిరాన్ తయారవుతుంది. పొర పెరుగుదలకు కళ్లెం వేసేది ఆ హార్మోనే. అది లేని నెలల్లో ఈస్ట్రోజెన్ ఒక్కటే పొరను పెంచుకుంటూ పోతుంది. చివరికి పొర అంతా ఒకేసారి రాలకుండా, ఇవాళ ఒకచోట, రేపు ఇంకోచోట ఊడుతుంది. రెండు నెలలు రాకపోవడం, వచ్చాక పన్నెండు రోజులు ఆగకపోవడం ఇలాగే జరుగుతాయి. పైగా శరీరంలోని కొవ్వు కూడా ఈస్ట్రోజెన్ తయారుచేస్తుంది కాబట్టి బరువు ఎక్కువున్నవారిలో పొర ఇంకా పెరుగుతుంది.

మీకు కావాల్సింది ముక్క పరీక్ష, అంటే బయాప్సీ. నిజానికి మీ పొర 8 మి.మీ. ఉన్నా నేను ఇదే చెప్పేదాన్ని. 45 ఏళ్లు దాటి రక్తస్రావం ఇలా గతి తప్పితే, స్కానింగ్‌లో ఏమున్నా పొర కణాలను చూడాల్సిందే. ముందుగా గర్భం లేదని మూత్ర పరీక్షతో నిర్ధారించుకుంటారు. తర్వాత దాదాపు 3 మి.మీ. వెడల్పున్న మెత్తటి ప్లాస్టిక్ గొట్టాన్ని గర్భసంచిలోకి పంపి, కొంచెం పొరను పీల్చి తీస్తారు. మత్తు అక్కర్లేదు, కొన్ని నిమిషాల పని. నెలసరి నొప్పిలాంటిది కాసేపు గట్టిగానే వస్తుంది. మీకు పడుతుందంటే గంట ముందు నొప్పి మాత్ర ఇస్తారు.

దీనికీ ఒక లోపం ఉంది. గొట్టం కంటికి కనిపించకుండా లోపల తిరుగుతుంది కాబట్టి పొర మీద ఒక మూల చిన్న కండలా పెరిగిన పాలిప్‌ను తప్పించుకుని రావచ్చు. స్కానింగ్‌లో పాలిప్ అనుమానం ఉన్నా, తీసిన ముక్క చాలలేదని రిపోర్టు వచ్చినా, రిపోర్టు బాగుండి రక్తస్రావం మాత్రం తగ్గకపోయినా అక్కడితో ఆగకండి. హిస్టెరోస్కోపీ చేయించుకోవాలి. అందులో సన్నటి కెమెరాతో లోపలంతా చూస్తూ ముక్క తీస్తారు, పాలిప్ ఉంటే అప్పుడే తొలగిస్తారు.

రిపోర్టులో ‘హైపర్‌ప్లేసియా’ అని, అంటే పొర అతిగా పెరిగిందని ఉంటే, పక్కనే ‘ఎటిపియా’, అంటే కణాల రూపం తేడాగా మారడం, ఉందా లేదా చూడండి. అది లేకపోతే ఇరవై ఏళ్లలో క్యాన్సర్‌గా మారే అవకాశం 5 శాతం కన్నా తక్కువ. గర్భసంచిలో అమర్చే, ప్రొజెస్టిరాన్ రకం హార్మోన్‌ను వదిలే లెవోనోర్‌జెస్ట్రెల్ పరికరం దీనికి మొదటి మందు. అది వద్దనుకుంటే కనీసం ఆరు నెలలు రోజూ ప్రొజెస్టిరాన్ రకం మాత్రలు వాడాలి. రక్తస్రావం తగ్గింది కదా అని చాలామంది మళ్లీ రారు, అదే పొరపాటు. ఆరు నెలలకోసారి ముక్క తీసి, వరుసగా రెండుసార్లు మామూలుగా ఉందని తేలాలి. ఎటిపియా ఉంటే మాత్రం గర్భసంచి తీయించుకోమనే చెబుతాం. అలాంటివారిలో గణనీయమైన సంఖ్యలో అప్పటికే క్యాన్సర్ దాగి ఉంటుంది.

అందుకే ముక్క పరీక్షకు ముందే ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు. లోపల క్యాన్సర్ ఉంటే ఆపరేషన్ పద్ధతి వేరు, దాన్ని చేసే సర్జన్ వేరు. ముందు తెలియకపోతే రెండోసారి కోయాల్సి రావచ్చు. ఏమీ లేకపోతే మందుతో తగ్గేదానికి పెద్ద ఆపరేషన్ చేయించుకున్నట్టవుతుంది.

ఈలోపు హిమోగ్లోబిన్ సంగతి చూడాలి. ఐరన్ మాత్రలు ఇప్పుడే మొదలుపెట్టండి, హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా మూడు నెలలు వాడండి. థైరాయిడ్ పరీక్ష చేయించండి. రక్తం ఎక్కువగా పోయే రోజుల్లో ట్రానెక్సామిక్ యాసిడ్ ఇస్తారు. గతంలో కాళ్లలోగానీ ఊపిరితిత్తుల్లోగానీ రక్తం గడ్డకట్టి ఉంటే అది వాడకూడదు, డాక్టర్‌కు ముందే చెప్పండి. గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలకు పైగా నిండుతున్నా, నిలబడితే కళ్లు తిరుగుతున్నా ఈ పరీక్షల కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.