బార్ స్టాక్ చేతికి తీసుకుంటున్న మా అన్నయ్య కొడుక్కి

చిన్నా,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి నిన్ను కౌంటర్ నుంచి స్టోర్‌కి మార్చారని, లిక్కర్ స్టాక్ మొత్తం నీ సంతకం మీదే నడుస్తుందని చెప్పాడు. 97లో మద్యనిషేధం ఎత్తేశాక హైదరాబాద్‌లో బార్‌లో చేరినవాణ్ణి, అప్పట్నుంచీ ఇదే పని, అందుకే నీకు నాలుగు ముక్కలు రాయాలనిపించింది. బీరు సంగతి ఇప్పుడొద్దు, అది సీసాలు లెక్కపెట్టుకుంటే అయిపోతుంది. కష్టమంతా పెగ్గులుగా పోసే సరుకుతోనే, విస్కీ, బ్రాందీ, రమ్ము, వోడ్కా, ఎందుకంటే సగం తాగిన సీసాలో ఎంతుందో కంటికి సరిగ్గా తెలీదు కదా.

ముందు రాత్రి క్లోజింగ్ సంగతి చెప్తా. షట్టర్ దించాక అందరూ ఇంటికెళ్ళే తొందరలో ఉంటారు, బార్‌మ్యాన్ ఒక్కడే గబగబా రాసేసి ఇస్తాడు, అలా ఒప్పుకోకు. ఇద్దరుండాలి, ఒకడు సీసా ముట్టుకుని చెప్పాలి, ఇంకొకడు రాయాలి, షెల్ఫ్‌లో ఎడమ నుంచి కుడికి ఏ వరసలో ఉందో ఆ వరసలోనే. షీట్‌లో ఉన్న వరస పట్టుకుని సీసాల కోసం వెతికితే షీట్‌లో లేని సీసా ఎప్పటికీ కనపడదు. ఓపెన్ సీసాలకి ఒక కిచెన్ తూకం కొనిపించు, వెయ్యి రూపాయలు పెడితే వచ్చేస్తుంది. ఒక్కో బ్రాండ్ ఖాళీ సీసా, మూత లేకుండా పోరర్ లేకుండా, ఎన్ని గ్రాములుందో ఒకసారి తూచి పుస్తకంలో రాసి పెట్టుకో. ఉదాహరణకి ఖాళీ సీసా 460 గ్రాములనుకో, రాత్రి అదే సీసా సరుకుతో 744 తూగింది, అంటే లోపల 284 గ్రాములు. మన లిక్కర్ ఒక ఎంఎల్ దాదాపు 0.95 గ్రాము తూగుతుంది, ఆ లెక్కన అది 300 ఎంఎల్, అంటే పది స్మాల్ పెగ్గులు. లిక్యూర్లకి మాత్రం ఈ లెక్క పనికిరాదు, వాటిలో చక్కెర ఉంటుంది కాబట్టి బరువెక్కువ, వాటిని కంటి అంచనాతోనే రాసుకో. కంటితో చూస్తే భుజాలు వెడల్పుగా ఉన్న సీసాల్లో రెండు మూడు పెగ్గుల తేడా ఈజీగా వచ్చేస్తుందిరా, నేనే ఏళ్ళ తరబడి కంటితో రాసి మోసపోయాను.

పొద్దున ఓపెనింగ్ రాసేవాడికి రాత్రి క్లోజింగ్ షీట్ చూపించకు. చూపిస్తే దాన్నే కాపీ కొడతాడు. చూడకుండా రాసిన ఓపెనింగ్, రాత్రి క్లోజింగ్ ఒకటే అవ్వాలి, కాకపోతే ఆ తేడా అమ్మకంలో పోలేదు, షట్టర్ దించాకే పోయింది. అప్పుడు బార్‌మ్యాన్‌ని కాదు, తాళాలు ఎవరి దగ్గరున్నాయో అడగాలి.

ఇప్పుడు ఒక రోజు లెక్క వేసి చూపిస్తా, పక్కన పేపర్ పెట్టుకో. ఒక విస్కీ బ్రాండ్, 750 సీసాలు. ఓపెనింగ్ మూడు ఫుల్ సీసాలు, ఒక ఓపెన్ సీసాలో 450 ఎంఎల్, మొత్తం 2,700. స్టోర్ నుంచి నాలుగు సీసాలిచ్చావు, 3,000. కలిపితే 5,700. రాత్రి క్లోజింగ్ రెండు ఫుల్లు, ఓపెన్‌లో ఆ 300, అంటే 1,800. ఖర్చయింది 3,900 ఎంఎల్. బిల్లుల్లో చూస్తే 48 లార్జ్‌లు, 28 స్మాల్‌లు, స్మాల్‌లో చెప్తే 124, అంటే 3,720. 180 ఎంఎల్ షార్టేజ్, ఆరు స్మాల్‌లు.

ఈ 180 చూసి వెంటనే ఎవడి మీదా అరవకు. ముందు మిగతా బ్రాండ్లు చూడు. ఆ రాత్రి అన్ని బ్రాండ్లలోనూ కొంచెం కొంచెం తగ్గిందనుకో, అది చెయ్యి జారడం, మెజర్ అంచు దాటి పోస్తున్నాడు. ఆ రోజు పోసింది 76 సార్లు, సారికి రెండు ఎంఎల్ పైన పొంగినా 180 అయిపోతుంది, మనిషి దొంగ కాదు, పక్కన నిలబడి పోయించి చూపిస్తే సరిపోతుంది. ఈ ఒక్క బ్రాండే తగ్గి, దాని పక్క బ్రాండ్ సరిగ్గా అంతే ఎక్కువ చూపిస్తే ఆర్డర్ తీసుకునే కెప్టెన్ తప్పు బ్రాండ్ బిల్ కొట్టాడు. ఈ ఒక్కటే తగ్గి, ఇంకెక్కడా ఎక్కువ లేకపోతే, అందులోనూ ప్రతి శుక్ర శనివారాలు అదే జరిగితే, బిల్లు లేకుండా పెగ్గులు పోతున్నాయి. ఓనర్ గారి స్నేహితులకి ఫ్రీగా పోసినవి కూడా ఇలాగే కనపడతాయి కాబట్టి వాటికి సున్నా బిల్లు కొట్టించు, ఓనర్ గారినే మర్యాదగా అడుగు, ఆయన డబ్బుకే లెక్క కదా, కాదనరు. పగిలిన సీసా అంటే మెడ, మూత, హోలోగ్రామ్ ఉన్న ముక్క తెచ్చి చూపిస్తేనే రాసుకో. సాధారణంగా ఒకటి రెండు శాతం వరకు పోతుంది, మన లెక్కలో అది నాలుగున్నర దాటింది, కాబట్టి వదిలే లెక్క కాదు.

ఎక్సెస్ వస్తే సంతోషించకు. బ్రాండ్ బిల్ తప్పు కాకపోతే, సరుకు ఎక్కువుందంటే ఎవడో తక్కువ పోశాడు లేదా నీళ్ళు కలిశాయి. నీళ్ళు కలిసిందన్న అనుమానం ఉంటే ఆ సీసా పక్కన పెట్టి ఓనర్ గారికి చెప్పు, కస్టమర్ టేబుల్ మీదకి పోనివ్వకు. ఎక్సైజ్ వాళ్ళు శాంపిల్ పట్టుకుంటే లైసెన్స్ మీదకే వస్తుంది.

ఇంకో విషయం, దీని కోసమే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. లెక్క సరిపోయింది కదా అని నమ్మకు. నేను ఒక బార్‌లో చేస్తున్నప్పుడు రెండు నెలలు ఒక బ్రాందీ బ్రాండ్‌లో షార్టేజ్ దాదాపు సున్నా, నాకు చాలా గర్వంగా ఉండేది. ఒకరోజు ఖాళీ సీసాల వాడు గోతాలు తూచుకుంటుంటే పక్కనే నిలబడ్డాను, ఊరికే ఆ బ్రాండ్ ఖాళీలు లెక్కపెట్టాను, 38 ఉన్నాయి. ఆ వారం స్టోర్ నుంచి నేనిచ్చింది 31. కౌంటర్‌లో మిగిలిన సరుకు కూడా కలిపి చూసినా ఏడు సీసాలు ఎక్కడివో తెలియలేదు. బార్‌మ్యాన్ బయట వైన్‌షాప్‌లో ఎంఆర్‌పీకి కొని, బ్యాగులో తెచ్చి, పెగ్గులుగా పోసి ఆ డబ్బు జేబులో వేసుకుంటున్నాడు. మన సీసా కదల్లేదు కాబట్టి స్టాక్ లెక్క ఎప్పటికీ తేడా చూపించదు, పోయింది అమ్మకం. వెనక్కి వెళ్ళి బిల్లులు తీస్తే, వాడు డ్యూటీలో ఉన్న శనివారాల్లో ఆ బ్రాండ్ సేల్ సగం ఉంది. పైగా బయట సీసా మన కౌంటర్‌లో దొరికితే కేసు అయ్యేది బార్ మీదే.

అప్పట్నుంచి స్టోర్ నుంచి వెళ్ళే ప్రతి సీసాకి, వెనక వైపు లేబుల్ మీద, మా స్టాంప్ వేసి నంబర్, తేదీ రాయడం మొదలుపెట్టాను, ప్రభుత్వం అంటించిన హోలోగ్రామ్ మీద మాత్రం చెయ్యి పెట్టకూడదు. రూల్ ఒకటే, ఖాళీ తెస్తేనే ఫుల్లు. స్టాంప్ లేని ఖాళీ వచ్చిందా, ఆరోజే కూర్చోబెట్టి మాట్లాడాలి. ఖాళీలు నువ్వు చూశాకే గోతంలోకి వెళ్ళాలి, లేబుల్ మీద మార్కర్‌తో అడ్డంగా గీత కొట్టు, అదే ఖాళీ రెండోసారి తెచ్చి ఇంకో ఫుల్లు తీసుకుపోకుండా.

స్టోర్ తాళాలు రెండుండాలి, ఒకటి నీ దగ్గర, ఒకటి మేనేజర్ దగ్గర, ఇద్దరూ లేకుండా తలుపు తెరుచుకోకూడదు. రోజుకి ఒకసారే ఇష్యూ, సాయంత్రం తెరవకముందు. మధ్యలో అయిపోయిందని వస్తే ఇవ్వు కానీ టైమ్ రాసి ఇవ్వు, అలా ఎక్కువసార్లు వస్తే కౌంటర్‌లో ఉంచే సంఖ్య తక్కువని అర్థం. సింగిల్ మాల్ట్‌లు వేరే బీరువాలో పెట్టు, రాత్రి కౌంటర్‌లో ఉన్నవి కూడా గ్రిల్ వేసి తాళం వెయ్యి. కేసులు నేల మీద పెట్టకు, చెక్కల మీద పెట్టు, గోడకి ఆనించకు. సెల్లార్ స్టోర్‌లో వానాకాలం తేమకి లేబుళ్ళు, హోలోగ్రామ్‌లు ఊడొస్తాయి, హోలోగ్రామ్ లేని సీసా ఉంటే ఇన్‌స్పెక్షన్‌లో నువ్వు చెప్పేది ఎవరూ వినరు.

ఇక ఆర్డర్. మనకి కిరాణా లాగా ఫోన్ చేస్తే అప్పు మీద దింపేవాడు ఉండడు, బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచే తేవాలి, డబ్బు ముందే కట్టాలి, అడిగిన బ్రాండ్ ఆరోజు లేకపోవచ్చు కూడా. అందుకే వారానికి ఒకే రోజు పెట్టుకో. నేను మంగళవారం లెక్కపెట్టి, బుధవారం డబ్బు కట్టి ఇండెంట్ పెట్టి, గురువారం సరుకు దించుకునేవాణ్ణి, అలా వీకెండ్‌కి ఇబ్బంది ఉండేది కాదు. మళ్ళీ ఆ విస్కీయే తీసుకో. నాలుగు వారాల సగటు వారానికి 30 సీసాలు. మంగళ, బుధ రెండు రోజులు సరుకు వచ్చేలోపు ఆరు అయిపోతాయి, డిపోలో దొరక్కపోతే అని ఇంకో ఆరు. మొత్తం 42. స్టోర్‌లో 14, కౌంటర్‌లో 3 ఉన్నాయి, అంటే 25 కావాలి. కేసుకి 12 కాబట్టి రెండు కేసులు. ఆ ఒక్క సీసా కోసం మూడో కేసు పెట్టకు, డబ్బు అక్కడే ఇరుక్కుంటుంది. పండగ వారం, మ్యాచ్ వారం సగటులో కలపకు, కలిపితే తర్వాత నెలంతా ఎక్కువ తెస్తావు. నెలకి ఒక సీసా కూడా కదలని బ్రాండ్లు వేరే పేజీలో రాసి ఓనర్ గారికి చూపించు, వాటిని ముందు అమ్మించాకే కొత్త ఇండెంట్.

సరుకు దిగేటప్పుడు ఆటోవాడు తొందర పెడతాడు, పెట్టనీ. ఇన్‌వాయిస్ చేతిలో పెట్టుకుని ఒక్కో కేసు తెరిచి, 12 ఉన్నాయా, సీల్ బాగుందా, హోలోగ్రామ్ ఉందా చూసి, లీకైన సీసా ఉంటే ఫొటో తీసి అక్కడే ఇన్‌వాయిస్ మీద రాయించు. దించేసుకున్నాక ఆ సీసా నీ షార్టేజే.

క్యాలెండర్‌లో డ్రై డేలు ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకో, ఆగస్టు 15, అక్టోబర్ 2, ఎన్నికల రోజులు. ముందు రోజు సేల్ పెరుగుతుంది, డిపో కూడా మూసి ఉండొచ్చు. డిసెంబర్ 31 సరుకు 20వ తేదీ లోపే స్టోర్‌లో ఉండాలి, చివరి వారం డిపో దగ్గర అందరూ ఒకేసారి పడతారు, కదిలే బ్రాండ్లే ముందు అయిపోతాయి.

వచ్చే మంగళవారం మొదటి లెక్క అయ్యాక షీట్ ఫొటో తీసి వాట్సాప్ చెయ్యి, ఖాళీల లెక్క కూడా రాసి పంపు. రాత్రి ఎంత ఆలస్యమైనా పర్లేదు, మెలకువగానే ఉంటాను.

మీ బాబాయ్